ఫారం-16 ఫొటో చూసి రిటర్ను నింపుతున్నారా? అంకెలు ఇలా సరిచూసుకోండి

ఫారం-16 కాగితం మాత్రమే చేతిలో ఉంటే చాలామంది దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, అందులోంచి అక్షరాలను చదివే యాప్‌తో వివరాలు తీసుకుంటున్నారు. మసకగా ఉన్న ఫొటోలో 1 కాస్తా 7 అవుతుంది, 6 కాస్తా 8 అవుతుంది. అప్పుడు మీరు చూపిన టీడీఎస్‌కూ ఆదాయపు పన్ను శాఖ రికార్డుకూ పొంతన కుదరదు. రిఫండ్‌ తగ్గవచ్చు, అదనంగా పన్ను కట్టమని నోటీసు కూడా రావచ్చు. ఇలాంటి పొరపాట్లను పట్టుకునే ఆధారాలు ఆ ఫారంలోనే ఉంటాయి.

సంస్థ టాన్‌ నంబరు

ఇందులో 10 స్థానాలుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు, తర్వాతి ఐదు అంకెలు, చివరిది అక్షరం. కాబట్టి ఆరో స్థానంలో ‘O’ కనిపిస్తే అది సున్నానే. మీ పాన్‌లో అయితే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి.

పార్ట్‌-ఏ: కూడి చూడండి

ఇక్కడ మూడు నెలలకోసారి కోత పెట్టిన పన్ను, చివర మొత్తం ఉంటాయి. ఉదాహరణకు ఒక ఉద్యోగికి 2024-25లో ప్రతి త్రైమాసికంలో రూ.10,010 చొప్పున కోత పడింది. మొత్తం రూ.40,040. యాప్‌ ఒక వరుసను 10,070గా చదివితే కూడిక 40,100 వస్తుంది. కింద ముద్రించిన మొత్తంతో కలవదు కాబట్టి తప్పు బయటపడుతుంది.

పార్ట్‌-బీ: పన్ను మళ్లీ లెక్కించండి

జీతం వివరాలను ఇక్కడి నుంచే తీసుకోవాలి. అదే ఉద్యోగి జీతం రూ.9,60,000, కొత్త పన్ను విధానం ఎంచుకున్నారు. ప్రామాణిక తగ్గింపు రూ.75,000 పోగా రూ.8,85,000 మిగులుతుంది. 2024-25 శ్లాబుల ప్రకారం మొదటి రూ.3 లక్షలకు పన్ను లేదు. తర్వాతి రూ.4 లక్షలపై 5 శాతం అంటే రూ.20,000, మిగిలిన రూ.1,85,000పై 10 శాతం అంటే రూ.18,500. మొత్తం రూ.38,500కు 4 శాతం సెస్సు రూ.1,540 కలిపితే రూ.40,040. పార్ట్‌-ఏ మొత్తంతో సరిపోయింది. జీతాన్ని పొరపాటున 9,80,000గా చదివి ఉంటే పన్ను రూ.42,120 వచ్చేది. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారికి మాత్రం ఈ రెండూ కలవకపోవచ్చు. వారు రెండు సంస్థల ఫారంలనూ కలిపి లెక్క చూసుకోవాలి.

చివరిగా 26ఏఎస్‌

ఫొటోను ఎంత సరిగ్గా చదివినా, సంస్థ ఆ పన్నును మీ పాన్‌ మీద జమ చేసిందో లేదో కాగితం చూస్తే తెలియదు. ఇ-ఫైలింగ్‌ పోర్టల్‌లో e-File, Income Tax Returns, View Form 26AS వరుసగా నొక్కి అదే టాన్‌ కింద ఎంత జమైందో చూడండి. అక్కడ రూ.30,030 మాత్రమే కనిపిస్తే, ఒక త్రైమాసికం సొమ్ము మీ ఖాతాలోకి రాలేదన్నమాట. రిటర్ను వేయడానికి ముందే సంస్థ అకౌంట్స్‌ విభాగాన్ని అడిగి, వారి టీడీఎస్‌ స్టేట్‌మెంట్‌ను సవరించమనండి. ఆ సవరణ సంస్థే చేయాలి, మీ రిటర్నులో అంకె మార్చినంత మాత్రాన అది సరికాదు.