పొట్లం వద్దు, పేరు రాసివ్వండి!

కూలికెళ్ళే అక్కలారా! ఆటో తమ్ముళ్ళారా! మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని పెద్దమ్మలారా!

సందు చివర క్లినిక్కులో మనకు ఏమిస్తున్నారు? పాత నోటుబుక్కు కాగితం చింపి, అందులో చిటికెడు తెల్లపొడి పోసి, మడిచి చేతిలో పెడుతున్నారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. పేరు లేదు. తేదీ లేదు. ఎంత డోసో లేదు. అడిగితే "నొప్పుల మందులేమ్మా, వేసుకో పో" అంటారు. నోట్లో వేసుకునేది మనం! ఏం వేసుకుంటున్నామో తెలియనిదీ మనకే!

మా వీధిలో నాట్లకెళ్ళే అత్త ఒకామె ఉంది. నొప్పులకు ఆ పొట్లాలు మొదలుపెట్టింది. మూడోరోజుకల్లా నొప్పి మాయం! లేచి నడిచింది, ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిండింది. "ఒళ్ళు చేశావే, ఆ డాక్టరు చెయ్యి మంచిది" అన్నాం అందరం. నాలుగు నెలలు వాడింది. ఈలోగా చేతుల మీద ఊరికే నల్లగా కమిలిన మచ్చలు. పరీక్ష చేయిస్తే షుగరు. అది వయసు వల్లే అనుకుంది. తర్వాత కూతురి ఊరెళ్ళింది, పొట్లాలు అయిపోయాయి. నాలుగైదు రోజులకే వాంతులు, కళ్ళు తిరగడం, లేవలేనంత నీరసం. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి బీపీ పడిపోయింది.

"ఏం మందులు వాడుతోంది?" అని డాక్టరమ్మ అడిగింది. కొడుకు ఫోన్ తీసి వాట్సాప్‌లో పొట్లం ఫొటో చూపించాడు. "ఇందులో తెల్లపొడి తప్ప నాకేం కనిపిస్తుంది బాబూ?" అందామె. ఆకలి, మొహం వాపు, కమిలిన మచ్చలు, ఆపగానే కూలబడటం, ఇవన్నీ కలిపి చూసి ఆమే స్టెరాయిడ్ అని అనుమానించింది. సెలైనూ హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షనూ వెంటనే పెట్టించింది. అత్త బతికింది. ఆ డాక్టరమ్మకు అనుమానం రాకపోయి ఉంటే?

ఫొటో ఎందుకు పనికిరాదో గట్టిగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఇప్పుడు మనమంతా చేసేది అదే. పొట్లం విప్పి ఫొటో తీసి, పట్నంలో నర్సుగా చేసే మేనకోడలికి పంపి "ఇదేం మందో చెప్పవే" అంటున్నాం. పాపం, ఆమెకేం తెలుస్తుంది? ఉప్పూ పంచదార మెత్తగా నూరి పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి, ఏది ఏదో మీరే చెప్పండి చూద్దాం!

మాత్రకు ఆనవాళ్ళుంటాయి. షీటు మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. మాత్ర రంగు, ఆకారం, మధ్యలో గీత కూడా ఎంతో కొంత చెబుతాయి. నూరిన క్షణంలో ఇవన్నీ పోతాయి. పారాసిటమాల్ పొడి తెలుపే. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పొడీ తెలుపే. పసుపుగా ఉందా? అది మాత్ర మీది పూత రంగు కావచ్చు, కలిపిన రంగు కావచ్చు. రంగును బట్టి మందు చెప్పడం జాతకం చెప్పడమే!

ఇంకో సంగతి. డెక్సామెథాసోన్ చిన్న మాత్రలో అసలు మందు అర మిల్లీగ్రాము. మిగిలిందంతా పిండిలాంటి పదార్థమే. అలాంటి మాత్ర ఒకటి కలిసిన అర గ్రాము పొట్లంలో ఆ మందు వెయ్యో వంతు. ఏ కెమెరాకు కనిపిస్తుంది? కానీ రోజుకు మూడు పొట్లాలంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. మన ఒంట్లో రోజూ సహజంగా తయారయ్యే స్టెరాయిడ్‌కు దాదాపు రెట్టింపు బలం! వారాల తరబడి బయటి నుంచి అంత వస్తుంటే, దాన్ని తయారుచేసే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. బయటి మందు ఒక్కసారిగా ఆగితే ఒంట్లో స్టెరాయిడ్ లేక మనిషి కూలిపోతాడు. అత్తకు జరిగింది అదే.

పైగా ముప్పై మాత్రలు రోట్లో నూరి, కంటి అంచనాతో ముప్పై కుప్పలు చేస్తే అన్నింట్లో మందు సమానంగా పడుతుందా? ఒక పొట్లంలో ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. ల్యాబులో పొడిని ద్రావకంలో కరిగించి, యంత్రంలో మందులను విడదీసి, అసలు నమూనాతో పోల్చి చూస్తేనే పేరు తేలుతుంది. అలా చూసినా ఆ ఒక్క పొట్లం సంగతే ఖాయంగా తెలిసేది!

డాక్టరు తన పేషెంటుకు తానే మందు ఇవ్వడం తప్పు కాదు. పసిపిల్లలకు మాత్రను పొడి చేసి ఇవ్వాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కానీ దానికి రూలుంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్, షెడ్యూల్ కె. స్టెరాయిడ్ లాంటి షెడ్యూల్ హెచ్ మందు ఇస్తే దాని మీద డాక్టరు పేరు, చిరునామా, డోసు ఉండాలి. మందు పేరు, ఎంత ఇచ్చారో, ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రిజిస్టరులో రాయాలి. ఆ నంబరు లేబుల్ మీద వేయాలి. ఈ వెసులుబాటు కూడా రిజిస్టరైన డాక్టరుకే! మరి నోటుబుక్కు కాగితం మీద లేబుల్ ఏది?

కాబట్టి అడుగుదాం! కోపంగా అక్కర్లేదు, తడబడకుండా అడిగితే చాలు. "డాక్టరుగారూ, నూరొద్దు, షీటుతోనే ఇవ్వండి." "మందు పేరు, డోసు చీటీ మీద రాయండి." "ఇందులో స్టెరాయిడ్ ఉందా? ఉంటే ఏది, ఎన్నాళ్ళు వాడాలి, ఎలా తగ్గించి ఆపాలి?" "నాకు షుగరుంది, బీపీ ఉంది, కడుపులో పుండుంది, పడుతుందా?" కడుపుతో ఉన్న అమ్మాయైతే ఆ మాట ముందే చెప్పాలి. "మీ రిజిస్ట్రేషన్ నంబరు?" ఇదీ అడగాల్సిందే, అడిగితే అవమానం ఏమీ లేదు. "పేరు చెబితే నీకేం అర్థమవుతుంది?" అంటాడా? "నాకు కాకపోయినా రేపు పెద్దాసుపత్రిలో వాళ్ళకు అర్థమవుతుందండీ" అనండి. అప్పటికీ రాయకపోతే? ఆ పొట్లం అక్కడే బల్ల మీద పెట్టి బయటికి రండి!

ఇప్పటికే వాడుతున్నవాళ్ళకు గట్టిగా చెబుతున్నాం. ఇది చదివి భయంతో పొట్లాలు చటుక్కున ఆపొద్దు! రెండు మూడు వారాలకు పైగా వాడుతుంటే రేపే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. స్టెరాయిడ్ అయితే డాక్టరు చూస్తూ మెల్లగా తగ్గించాలి. ఫొటోతో సరిపెట్టొద్దు, విప్పని పొట్లాలు రెండు మూడు పొడి కవరులో వేసి తీసుకెళ్ళండి. కవరు మీద ఏ క్లినిక్, ఏ తేదీ, రోజుకెన్ని అని రాయండి. వాంతులు, తల తిరగడం, స్పృహ తప్పడం ఉన్నా, మలం తారులా నల్లగా వచ్చినా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఫిర్యాదు జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వాలి. కొన్న మందును ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ మనకిచ్చింది. అందుకే బిల్లు అడగండి. ఒక్కరే వెళ్ళడానికి జంకితే నలుగురం కలిసి వెళ్దాం, తోడు మేమొస్తాం!

ఈ కరపత్రం పారేయకండి. చదవడం రాని పక్కింటి పెద్దమ్మకు ఈ రాత్రే చదివి వినిపించండి. ఆమె కొంగున ముడివేసుకున్న పొట్లం ఎన్నాళ్ళుగా వాడుతోందో అడగండి.