ఊరి చరిత్ర తీసెయ్యండి, అమ్మ మోచేయి ఉంచండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో సొంత అనుభవాలు రాస్తున్న మిత్రులకు, నెలవారీ సాహిత్య సమావేశాలు నడిపేవాళ్లకు, ఉగాదికీ దసరాకీ ప్రత్యేక సంచికలు తెచ్చేవాళ్లకు ఒక విన్నపం.

మనం రాసే అనుభవ వ్యాసాలు రెండు వేల మాటల దగ్గర ఆగుతున్నాయి. అరఠావు మీద చేత్తో రాస్తే సుమారు పదమూడు పేజీలు. సంచికలో దొరికే చోటు ఎనిమిది వందల మాటలు, అంటే అయిదు పేజీల పైచిలుకు. మిగతాది ఎవరో ఒకరు కోస్తారు. పేజీలు పెట్టే మనిషికి తీరిక ఉండదు కాబట్టి కింది నుంచి కోస్తాడు. మన వ్యాసాల్లో అసలు విషయం ఉండేదేమో తొమ్మిదో పేజీ తర్వాతే! అచ్చయి వచ్చాక చూస్తే ఊరి పుట్టుపూర్వోత్తరాలు మాత్రం భద్రంగా ఉంటాయి. అందుకే మా మాట: రాసినవాళ్లే కోసుకోవాలి, అదీ సమావేశంలో నలుగురి ముందు కూర్చుని.

ఎలాగో చెప్పడానికి ఒక నమూనా కల్పించుకుందాం. మానుకోట దగ్గరి పల్లెలో పుట్టిన ఒకామె వాళ్లమ్మ గురించి రెండు వేల మాటలు రాసిందనుకోండి. మొదటి మూడు వందలు ఊరి చరిత్ర, కురవి వీరభద్రుడి జాతర. తర్వాత రెండు వందల యాభై తాతముత్తాతల సంగతి. నాలుగు వందలు మిరప సాగు, ఎనుమాముల మార్కెట్లో ధరలు. మూడు వందల యాభై బడి రోజులు. ఆ తర్వాత మూడు వందల మాటల్లో ఒక రాత్రి సంగతి. చివరి నాలుగు వందలు అమ్మ త్యాగం, ఈ తరానికి హితవు.

ఆ రాత్రి సంగతి ఇది. మిరపకాయలు ఏరి వచ్చిన రోజుల్లో అమ్మ పిల్లకు అన్నం కలిపి పెట్టేది కాదు. నానమ్మ పెట్టేది. పిల్ల దగ్గరికి పోతే "దూరం జరుగు బిడ్డా, చేతులకు ఘాటున్నది" అనేది. అమ్మకు తనంటే ఇష్టం లేదని పిల్ల అనుకునేది. ఒక రాత్రి పిల్లకు జ్వరం వచ్చింది. అమ్మ లేచి వచ్చి, అరచెయ్యి వెనక్కి పెట్టుకుని, మోచేయి నుదుటికి ఆనించి చూసింది.

ఇంతే వ్యాసం. మిగతాదంతా దీని దగ్గరికి తెచ్చే దారి.

ఈ చోటును వెతకడానికి తెలుగు రాసేవాళ్లకు ఒక మంచి గుర్తు ఉంది. మన జ్ఞాపకాలు చాలా దూరం "పెట్టేది, పోయేవాళ్లం, అనేది" అంటూ నడుస్తాయి. అది రోజూ జరిగే సంగతి. ఎక్కడో ఒకచోట క్రియ మారుతుంది: "వచ్చింది, ఆనించింది, చూసింది." ఒక్కసారే జరిగింది, మళ్లీ జరగలేదు. పెన్సిల్‌తో అక్కడ గీత పెట్టండి. నూటికి నూరు పాళ్లూ కాకపోయినా, చాలాసార్లు వ్యాసం గుండె ఆ గీత పక్కనే ఉంటుంది.

ఇప్పుడు కోత. చాలామంది చేసే పొరపాటు సమానంగా కొయ్యడం. ప్రతి పేరాలో సగానికి పైగా తీసేస్తే మూడు వందల మాటల ఆ రాత్రి నూట ఇరవైకి దిగుతుంది, వ్యాసం వార్తలా మిగులుతుంది. చెయ్యవలసింది దానికి తలకిందులు. ఆ రాత్రిని పెంచాలి. మూడు వందలను నాలుగు వందలు చెయ్యండి. దీపం వెలిగించిందా లేదా, నానమ్మ ఏమంది, మోచేయి చర్మం ఎలా తగిలింది, ఇవన్నీ మొదటి ప్రతిలో హడావిడిగా దాటేసినవే. మిగిలిన పదిహేడు వందల మాటలను నాలుగు వందలకు దించాలి. నరికేది అక్కడే.

ఊరి చరిత్ర నలభై మాటలు చాలు. జనగామ వాళ్లకు బమ్మెర పోతన, పాలకుర్తి సోమన, భూపాలపల్లి వాళ్లకు కాళేశ్వరం, సింగరేణి; ఇవి లేకుండా మనకు మొదటి పేజీ నడవదు. వాటి మీద గౌరవంతోనే చెబుతున్నాం, ఆ పేజీ పాఠకుడు ఇదివరకే చాలాసార్లు చదివాడు. తాతముత్తాతలకు మరో నలభై, అందులో నానమ్మ ఒక్కతే ఉంటే మేలు, ఆ రాత్రి ఆమె ఇంట్లో ఉంది కదా.

మిరప సాగు మాత్రం పూర్తిగా తీసెయ్యకూడదు. ఎందుకంటే ఆ ఘాటు సంగతి తెలియకపోతే మోచేయి అర్థం కాదు. నూట యాభై మాటలు ఉంచండి. ఏరింది చపాట కాదు, తేజ అని చెప్పండి. చపాటకు రంగే తప్ప కారం తక్కువ. తేజ ఘాటు చేతికి పట్టుకుంటే వట్టి నీళ్లతో పోదు, నూనెకైతే కొంత లొంగుతుంది. అమ్మ కొబ్బరినూనె రాసుకుని కూర్చునేది అన్న మాట ఇక్కడ అలంకారం కాదు, ఆధారం. అదే వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న సంగతి నిజమే, గొప్పదే, కానీ ఈ వ్యాసంలో దానికి పని లేదు. క్వింటా ధరలూ అంతే. బడి రోజులు నూట పది మాటలకు దిగాలి, తోటి పిల్లల అమ్మలు జడలు వేస్తుంటే చూసి కుళ్లుకున్న ముక్క చాలు. చివరి హితవు అరవై మాటలకు రావాలి, అందులో "త్యాగం" అన్న మాట ఉండకూడదు. లెక్క కూడండి: సరిగ్గా ఎనిమిది వందలు.

అమ్మ మాటను పుస్తక భాషలోకి మార్చి పరోక్షంగా చెప్పడం ఇంకో నష్టం. "చేతులకు ఘాటు ఉన్నందున దగ్గరికి రావద్దని వారించేది" అని రాస్తే మాటలేమీ పెద్దగా కలిసిరావు, మనిషి మాత్రం పోతుంది. మాటల మధ్య ఖాళీలు తీసేసి లెక్క తగ్గించే తెలివి కూడా కొందరికి ఉంది. అది కంప్యూటర్ను మోసం చేస్తుంది గానీ పేజీని చెయ్యదు.

కోశాక బతికిందా లేదా ఎలా తెలుస్తుంది? పెద్ద ప్రతి చదవని మనిషికి చిన్న ప్రతి ఇవ్వండి. మర్నాడు ఏం గుర్తుందో అడగండి. "మీ అమ్మ చాలా కష్టపడింది" అంటే వ్యాసం చచ్చినట్టే, తీసినవాటిలోంచి ఏదో ఒకటి వెనక్కి తేవాలి. "మోచేత్తో జ్వరం చూసింది కదా" అంటే నిలిచింది. కొన్ని వ్యాసాలు ఎంత చేసినా దిగవు. వాటిలో రెండు గుండెలుంటాయి, అమ్మదొకటి, నాన్నదొకటి. వాటిని నలిపి ఒకటి చెయ్యకండి, రెండు వ్యాసాలుగా విడదీయండి.

సమావేశాలు నడిపేవాళ్లను కోరేది ఇది: అనుభవ వ్యాసం చదవడానికి పది నిమిషాలకు మించి ఇవ్వకండి. మిగిలిన సమయం కోతకు కేటాయించండి. సంచికల సంపాదకులను కోరేది: నిడివి ఎక్కువైతే మీరు కింది నుంచి కత్తిరించకండి. మీకు గుండె ఎక్కడ కనిపించిందో ఒక గీత పెట్టి, వారం గడువుతో రాసినవాళ్లకే తిప్పి పంపండి.

రాసేవాళ్లను కోరేది: వచ్చే సమావేశానికి రెండు ప్రతులూ తీసుకురండి, పెద్దదీ చిన్నదీ. పెద్దదాన్ని చింపకండి, మీ పిల్లలకు కావాలి. చదివేది మాత్రం చిన్నదే.