ఉధ్నా మగ్గం చెప్పే పన్ను పాఠం

2017 జూలైలో సూరత్ వస్త్ర వర్తకులు జీఎస్టీకి నిరసనగా దుకాణాలు మూసి రోజుల తరబడి సమ్మె చేశారు. బట్ట దాదాపు పన్ను పరిధికి వెలుపలే సాగిన మార్కెట్ కనుక, ఎగవేతకు అలవాటుపడ్డవారి ఆక్రోశంగా దానిని కొట్టిపారేయడం సులభం. డిసెంబరు ఎన్నికల్లో ఉధ్నా స్థానాన్ని భాజపాయే గెలుచుకోవడంతో ఆ కోపం చల్లారిందని పాలకులు భావించి ఉండవచ్చు. అయితే ఓటు వేసిన చేయి బిల్లు కూడా రాస్తుందన్న హామీ లేదు.

ఉధ్నాలో సొంతంగా నూలు కొని నేసే ఒక మరమగ్గాల యజమాని లెక్క చూద్దాం. 2017 అక్టోబరులో కృత్రిమ నూలుపై పన్నును 18 శాతం నుంచి 12 శాతానికి తగ్గించారు. బట్టపై పన్ను 5 శాతమే. వంద రూపాయల నూలుకు అతడు 12 రూపాయల పన్ను కడతాడు. ఆ బట్టను 150 రూపాయలకు అమ్మితే కొనుగోలుదారు నుంచి వచ్చే పన్ను ఏడున్నర రూపాయలు. మిగిలిన నాలుగున్నర రూపాయలు ప్రభుత్వం వద్దే ఉండిపోతాయి. ఇతర సరుకుల్లో ఇలాంటి సొమ్ము వాపసు వస్తుంది. బట్టకు మాత్రం వాపసు లేదన్నారు. బిల్లు లేకుండా నూలు కొని, బిల్లు లేకుండా బట్ట అమ్మే పక్క షెడ్డువాడికి ఈ నష్టమే లేదు. అంటే నిజాయితీకే జరిమానా పడింది.

2018 ఆగస్టు 1 నుంచి వాపసుకు కేంద్రం అంగీకరించింది. కానీ అప్పటివరకు పేరుకుపోయిన క్రెడిట్ రద్దవుతుందని అదే ఉత్తర్వులో చేర్చింది. ఆ రద్దు చెల్లదని 2019లో గుజరాత్ హైకోర్టు తీర్పునిచ్చింది. వ్యాపారి బాకీ పడితే వడ్డీ, జరిమానా వసూలు చేసే ప్రభుత్వం, తాను చెల్లించవలసినదాన్ని ఒక్క వాక్యంతో తుడిచివేయబోయింది.

పౌరులు పన్ను కట్టేది కేవలం భయంతో కాదని రాజకీయ శాస్త్రవేత్త మార్గరెట్ లెవీ 1988లోనే వాదించారు. పాలకులు తమ మాట నిలుపుకుంటారని, తోటివారూ తమ వాటా కడతారని నమ్మినప్పుడే జనం కడతారని ఆమె సిద్ధాంతం. ఉధ్నాలో ఆ రెండు నమ్మకాలూ ఒకేసారి దెబ్బతిన్నాయి. తనిఖీలు పెంచితే పక్క షెడ్డువాడు దొరకవచ్చు. వాపసు రాని నాలుగున్నర రూపాయల మీద నమ్మకం మాత్రం తిరిగిరాదు.

ఫిర్యాదులన్నీ న్యాయమైనవే అనలేము. లెక్క చూపడమే ఇష్టంలేనివారు ఏ మార్కెట్‌లోనైనా ఉంటారు. వారిని వేరుచేసి పట్టుకోవాలంటే ముందు నిజాయితీపరుడి ఫిర్యాదు తీరాలి. లేకుంటే ఇద్దరూ ఒకే గుంపులో నిలబడతారు.

2025 సెప్టెంబరు 22 నుంచి నూలుకూ బట్టకూ పన్ను 5 శాతమే. పాత లెక్కలో యజమాని నూలుపై 5 రూపాయలు కట్టి, బట్టపై ఏడున్నర వసూలుచేసి, రెండున్నర ఖజానాకు జమచేస్తాడు. వాపసు కోసం ఎదురుచూడవలసిన అగత్యం నూలు విషయంలో తప్పింది. ఈ చిన్న సవరణకు ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో బిల్లు లేని దారికి అలవాటుపడినవారిని వెనక్కు తేవడం రేటు తగ్గించినంత తేలిక కాదు.