జిరాక్స్ చెల్లదంటే, దేనికి చెల్లదు సార్?



"జిరాక్స్ చెల్లదు, సర్టిఫైడ్ కాపీ పట్రా." అసైన్డ్ భూముల గొడవల్లో మనవాళ్ల వెంట ఆఫీసులు తిరిగే నేను ఈ మాట విన్నన్ని సార్లు ఇంకే మాటా వినలేదు. చట్టం పేరు చెప్పి మనల్ని తిప్పి పంపే ఎత్తుగడ ఇది.

కోర్టు ఆర్డర్ బలం కాగితంలో ఉండదు. జడ్జి చెప్పిన క్షణం నుంచే అది అమల్లో ఉంటుంది. కాగితం దానికి రుజువు మాత్రమే. మన కేసులో ప్రతివాదిగా ఉన్న అధికారి, ఇంజంక్షన్ ఉందని తెలిసీ పొలంలోకి జేసీబీ పంపితే, సీపీసీ ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు చేయొచ్చు, 3 నెలల దాకా సివిల్ జైలులో పెట్టొచ్చు. ఆర్డర్ ఉందని అతనికి తెలిసిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. తెలియజేయడానికి జిరాక్స్ చాలు. అందుకే ఆ రోజే జిరాక్స్‌కి ఒక అర్జీ జోడించి, కేసు నంబరు, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసి ఇవ్వండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపండి. అనుమానముంటే ఆయనే ఈకోర్ట్స్ సైట్లో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఆ తర్వాత "నాకు తెలియదు" అనే దారి ఆయనకు ఉండదు.

అలాగని సర్టిఫైడ్ కాపీని పక్కన పెట్టకండి. అప్పీలుకు, ఇంకో కోర్టులో రుజువుకు అదే కావాలి. జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసర్‌తో పచ్చ సంతకం పెట్టిస్తే అది సర్టిఫైడ్ కాపీ అయిపోదు. రికార్డు ఉన్న కోర్టే నిజ నకలని రాసి, సంతకం, తేదీ, ముద్ర వేసి ఇవ్వాలి.

మనవాళ్లు మునిగేది ఇక్కడే. కాపీ చేతికొచ్చిన రోజు నుంచి గడువు లెక్క మొదలవుతుందనుకుంటారు. ఒక లెక్క చూడండి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మార్చి 3న తీర్పు వచ్చింది. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, అంటే ఏప్రిల్ 2. కాపీకి మార్చి 10న అర్జీ పెట్టారు, 24న కాపీ సిద్ధమైంది. లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 ఆ 15 రోజులే మినహాయిస్తుంది. గడువు ఏప్రిల్ 17. కూలి పోతుందని ఏప్రిల్ 20న వెళ్లి కాపీ తెచ్చుకున్నారు. అప్పటికే గడువు దాటింది. ఆలస్యం మన్నించమని వేరే అర్జీ పెట్టి, ప్రతి రోజుకూ జవాబు చెప్పుకోవాలి.

కాపీ వెనుక ముద్ర చదవండి. అర్జీ తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ అన్నీ ఉంటాయి. చార్జీలు కట్టడంలో మనం చేసిన జాప్యం మన ఖాతాలోకే వస్తుంది.

జిరాక్స్ పనికొచ్చే చోట సర్టిఫైడ్ కాపీ అడిగి తిప్పుతారు. సర్టిఫైడ్ కాపీ ప్రాణాధారమైన చోట గడువు సంగతి ఎవరూ చెప్పరు. రెండు చోట్లా పోయేది మన భూమే.