"అట" తీసేసినోళ్లకు మా జవాబు

మా ఇండ్లలో ముసలోళ్లు పాత ముచ్చట చెప్పేటప్పుడు తాము కండ్లారా చూసిందానికి ఒక తీరుగా, విన్నదానికి ఇంకో తీరుగా మాట్లాడుతారు. "వాగు పొంగింది" అంటే తను చూసినట్టు. "వాగు పొంగిందట" అంటే ఎవరో చెప్పగా విన్నట్టు. బడి మెట్టు ఎక్కని అవ్వకు కూడా ఈ తేడా తెలుసు. మా చేతికొచ్చిన ఒక మ్యూజియం స్క్రిప్టు రాసినవారికి మాత్రం తెలియలేదు. వాళ్లు "అట" అన్న మాటను ఏరి పారేసి, దాని జాగాలో అరుపులు పెట్టారు.

ఆ స్క్రిప్టు ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. గ్యాలరీలో పది నిమిషాల ప్రదర్శన. ఒక పక్క నటులు రాంజీ గోండు కథ ఆడతారు, ఇంకో పక్క కథకుడు చరిత్ర చెబుతాడు. "మీరు ఆదివాసీ ఉపాధ్యాయులు గదా, ఒకసారి చూడండి" అని ఏర్గట్లలో మాకు ఇచ్చారు. చూశాం. చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నాం.

రాంజీ గోండు మాకు దూరపు మనిషి కాదు. మా తడ్పాకల్ రేవులో నిలబడితే కనిపించే గోదావరికి అవతలి దిక్కున ఉంది నిర్మల్. 1857 జులై 17న హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి పోయారు. నిజాం, ఆయన దివాను సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడ్డారు. ఆ తర్వాతి ఏండ్లలో నిర్మల్ దిక్కున గోండులు, రోహిల్లాలు కలిసి ఆ రెండు సర్కార్ల మీద తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు రాంజీ గోండు. ఆయన్ను పట్టుకొని నిర్మల్‌లో ఉరి తీశారు. ఏటా ఏప్రిల్ 9న ఆయన వర్ధంతి జరుపుకుంటాం, 1860లో ఆ రోజున ఉరి తీశారని. ఆయనతో పాటు వెయ్యిమందిని ఒకే మర్రికి వేలాడదీశారని చెబుతారు. ఆ చెట్టుకు జనం పెట్టిన పేరు వెయ్యి ఉరుల మర్రి. చెట్టు ఇప్పుడు లేదు. పేరు ఉంది.

ఇక స్క్రిప్టు సంగతి. తెర లేవగానే కథకుడు, "సరిగ్గా వెయ్యిమంది వీరులు ఈ చెట్టుకు వేలాడారు" అంటాడు. వెంటనే రాంజీ గోండు వేషంలో ఉన్న నటుడు ముందుకొచ్చి "జల్, జంగల్, జమీన్" అని గర్జిస్తాడు. తర్వాత మాతృభూమి గురించి పుస్తకాల తెలుగులో రెండు నిమిషాల ఉపన్యాసం. యుద్ధం మధ్యలో నెమలి ఈకల టోపీలు పెట్టుకొని గుస్సాడీలు దూకుతారు. చివర ఉరితాళ్లు, చీకటి.

ఒక్కొక్కటి చూద్దాం. "జల్, జంగల్, జమీన్" మనం కుమ్రం భీం పేరుతో చెప్పుకునే నినాదం. జోడేఘాట్‌లో భీం నేలకొరిగింది 1940లో. ఎనభై ఏండ్ల తర్వాతి మాటను తెచ్చి రాంజీ గోండు నోట్లో పెట్టారు. ఇద్దరూ గోండులే గదా, ఏమైతదని అనుకున్నట్టున్నారు. గాంధీ మాటను శివాజీ నోట పలికిస్తే ఊరుకుంటారా? వాళ్ల వీరులకు తారీఖులుంటాయి, మన వీరులంతా ఒకే గుంపు. అవమానం ఇక్కడుంది.

గుస్సాడీ కూడా అంతే. దండారి దీపావళి కాలపు పండుగ. ఆ టోపీని పూజించి పెట్టుకుంటారు. పెట్టుకున్న మనిషిని ఆ కొన్ని రోజులు మామూలు మనిషిగా చూడరు, నియమాలుంటాయి. దాన్ని ఏప్రిల్ నెల ఉరి కథలో ఈకల సోకు కోసం దూకించడమంటే ఎవరి పండుగో, ఏ కాలమో తెలియకుండా రాయడం. ఆ సీనులో గోండు చేసే పనులు మూడే: దూకడం, అరవడం, చావడం. చెప్పే పని మాత్రం ప్యాంటు, చొక్కా వేసుకున్న కథకుడిది. నటన మనకు, నిజం వాళ్లకు. ఆ గ్యాలరీలోకి వచ్చిన మన పిల్లవాడు నేర్చుకునే మొదటి పాఠం ఇదే.

అన్నిటికన్నా పెద్ద తప్పు "సరిగ్గా వెయ్యిమంది" అన్న మాట. దీని మీద మాలో మాకే కొట్లాట అయింది. మా జట్టులో ఒక తమ్ముడు కోపానికొచ్చాడు. "వాళ్ల చరిత్రకు కాగితాలుంటే నిజమా? మన ముసలోళ్లు చెప్తే 'అట'నా? మనమే మన వెయ్యిమందిని తగ్గిస్తమా?" అన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. కానీ మా ఏడో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే: "సార్, ఒక్క చెట్టుకు వెయ్యిమందిని ఎట్ల ఏలాడదీసిండ్రు?"

కథకుడు లెక్క మీద ఒట్టేసి చెబితే ఆ పిల్ల ప్రశ్నకు జవాబు ఉండదు. జవాబు లేని చోట అనుమానం పుడుతుంది. వెయ్యి మీద పుట్టిన అనుమానం రాంజీ గోండు మీదికి పాకుతుంది, ఉరి మీదికి పాకుతుంది. రేపు ఎవరో వచ్చి "ఇదంతా కట్టుకథ" అంటే మన పిల్ల తలొంచుకోవాలి. అదే కథకుడు ఇట్లా చెప్పాడనుకోండి: "ఈ చెట్టును నిర్మల్ జనం వెయ్యి ఉరుల మర్రి అన్నారు. వెయ్యిమందిని ఇక్కడ ఉరి తీశారట. ఎవరూ తల లెక్క రాసిపెట్టలేదు. కానీ లెక్కపెట్టలేనంత మంది చనిపోకపోతే ఒక చెట్టుకు ఈ పేరు రాదు." ఇందులో ఏ ఒక్క మాటనూ ఎవరూ కాదనలేరు. చెట్టుకు జనం పెట్టిన పేరే ఒక సాక్ష్యం. "అట" మన వెయ్యిని తగ్గించలేదు, దానికి కాపలా కాసింది.

మరి కాగితాల మాట? తమ్ముడు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. "అట" మనకొక్కరికే తగిలిస్తే అన్యాయం. సర్కారు కాగితానికీ తగిలించాలి. ఆ కాలపు దొరల కాగితాల్లో తిరగబడినవాళ్లకు దొంగలు, బందిపోట్లు అన్న పేర్లు మామూలు. కథకుడు ఆ కాగితం చదివినప్పుడు కూడా "వీళ్లు బందిపోట్లట, పట్టుకున్నవాళ్లు అట్లా రాసుకున్నారు" అనాలి. రాసినవాడు ఎవడో చెప్పాలి, వాడికి ఏం లాభమో చెప్పాలి. ముసలవ్వ మాటకైనా, దొర కాగితానికైనా ఒకే కొలత. ఇంతకన్నా మేం ఎక్కువ అడగడం లేదు, తక్కువకు ఒప్పుకోం.

విమర్శించి చేతులు దులుపుకోవడం ఉపాధ్యాయుల పని కాదు గనుక ఆ స్క్రిప్టును మేమే తిరగరాశాం. కాగితాన్ని మూడు నిలువు గడులు చేశాం. మొదటి గడిలో నటులు చేసేది, రెండో గడిలో కథకుడు చెప్పేది, మూడో గడిలో ఆ వాక్యం ఎక్కడిదన్నది. మూడో గడిలో మూడే గుర్తులు: "కాగితం", "పెద్దల మాట", "మా ఊహ". గుర్తు పడని వాక్యాన్ని కొట్టేశాం. మొదటిసారి కొట్టేస్తూ పోతే పాత స్క్రిప్టులో నటుడి మాటలన్నీ పోయాయి. రాంజీ గోండు నోటి నుంచి వచ్చిన ఒక్క మాట కూడా మనకు రాతలో దొరకలేదు మరి.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. పేరున్న మనిషి నోట ఊహ పెట్టొద్దు. ఊహ కావాలంటే పేరు లేని మనిషిని తీసుకోవాలి. అందుకని మా సీనులో రాంజీ గోండు వేషమే లేదు. ఒక గోండు తల్లి ఉంది. కొడుకు తిరగబడ్డవాళ్లతో పోయాడు. ఆమె జొన్నరొట్టె మూట పట్టుకొని నిర్మల్ దిక్కు నడుస్తుంటుంది. ఆమె మాటలు గోండిలోనే. కథకుడు ముందే చెబుతాడు: "ఈ తల్లి పేరు మాకు తెలియదు. ఇటువంటి తల్లులు ఉండే ఉంటారని మేం అనుకుంటున్నాం." ఆ ఒక్క వాక్యంతో చూసేవాడికి ఏది ఊహో తెలిసిపోయింది. ఇక ఆమె ఏడిస్తే అది అబద్ధం కాదు.

చెప్పే తీరు కూడా మార్చాం. నిజం చెప్పేటప్పుడు కథకుడు గాజు పెట్టె పక్కన నిలబడతాడు, మామూలు వెలుతురులో. తల్లి నడిచే జాగా వేరు, అక్కడ దీపం వేరు. ఆ గీత ఇద్దరూ దాటొద్దు. ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. ఒగ్గు కథలో చెప్పేవాడు కథ చెబుతూ చెబుతూ పాత్రలోకి పోతాడు, మళ్లీ బయటికొస్తాడు. ఎప్పుడు పోయాడో, ఎప్పుడు వచ్చాడో కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది. గోండుల కథలను తరతరాలుగా కిక్రి వాయిస్తూ మోసుకొచ్చింది పర్ధాన్లు, తోటీలు. అందుకే కథకుడి జాగాలో కిక్రి పట్టిన మనిషి కూర్చోవాలని రాశాం. నిజం చెప్పే పని మా నుంచి ఎవరూ గుంజుకోవద్దు.

నిలబడి చూసేవాళ్లకు పది నిమిషాలే ఎక్కువ. నిమిషానికి వంద మాటల లెక్కన వెయ్యి మాటలు పడతాయి. మేం ఏడువందల దగ్గర ఆపాం. మిగిలింది నిశ్శబ్దానికి వదిలాం. ఉరితాళ్లు చూపించలేదు. పిల్లలొస్తారు, ఆ చావును తమాషా చేయొద్దు. చివర కథకుడు, "ఇక్కడ పోయినవాళ్లలో మనం చెప్పగలిగిన పేరు ఒకటే. రాంజీ గోండు. మిగతా పేర్లు చెప్పలేకపోతున్నాం" అని ఆగుతాడు. తల్లి మూట కింద పెడుతుంది. అంతే.

మా రాతను వాళ్లకు పంపాం. "జోష్ తక్కువైంది" అని జవాబు వచ్చింది. జోష్ కోసం వచ్చేవాళ్లకు సినిమా హాళ్లున్నాయి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఆదివాసీ స్వాతంత్ర్య పోరాట యోధుల మ్యూజియంలు కడతామని 2016లో కేంద్రం ప్రకటించింది. మన రాష్ట్రానికి వచ్చింది హైదరాబాద్‌లో రాంజీ గోండు పేరుతోనే. జోడేఘాట్‌లో భీం మ్యూజియం ఉండనే ఉంది. గోడలు కట్టడానికి కాంట్రాక్టర్లున్నారు. ఆ గోడల మధ్య ఎవరు మాట్లాడాలి, ఏం మాట్లాడాలన్నది మనం అడగకపోతే అడిగేవాళ్లు లేరు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు మీకూ పిలుపొస్తుంది. "వేషం వేస్తారా?" అని అడుగుతారు. వేయండి. వేసే ముందు స్క్రిప్టు చేతికి తీసుకొని మూడో గడి ఎక్కడని అడగండి. లేదంటే మీరే గీయండి. అంతకన్నా ముందు మీ ఊరి ముసలోళ్ల దగ్గర కూర్చోండి. నిర్మల్ దిక్కు పోయి తిరిగిరాని తాత పేరు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉందేమో అడగండి. దొరికితే ఆ పేరు రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ రోజు చెప్పారో పక్కనే రాయండి. చివర "అట" పెట్టడం మరవొద్దు.

ఒక్క పేరు రెండైన రోజున మన కథకుడి ఆఖరి వాక్యం మార్చి రాస్తాం.