తప్పు చేయనోడికి భయమెందుకు అని అడిగేవాళ్లకు మా జవాబు

కొంచెం పెద్ద పోస్టు, తీరిక చేసుకుని చదవండి.

పోయిన నెల కోచింగ్ ముగించుకుని రూముకు నడిచి వస్తున్న మాలో ఇద్దరిని నగరంలో ఒక కూడలి దగ్గర పోలీసులు ఆపారు. పేరు, ఊరు అడిగారు. ఊరి పేరు చెప్పగానే ఫోన్ తీసి ఇద్దరికీ ముఖం మీదే ఫొటోలు కొట్టారు. "ఎందుకు సార్?" అంటే "చెకింగ్" అన్నారు. రెండు నిమిషాల తర్వాత "పోండి" అన్నారు. ఆ ఫొటోలు ఎక్కడికి పోయాయో, దేనితో పోల్చారో, ఇంకా ఉన్నాయో లేవో ఇవాళ్టికీ తెలీదు. ఈ సంగతి చెప్తే మన సీనియర్ అన్న ఒకాయన "తప్పు చేయనోడికి భయమెందుకురా?" అన్నాడు. అన్న మీద మాకు కోపం లేదు. కానీ ఆ మాటకు జవాబు చెప్పాలి.

ముందు ఈ యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. కెమెరాలో పడిన ముఖాన్ని అది కొన్ని అంకెలుగా మారుస్తుంది. తన దగ్గరున్న లిస్టులోని ఒక్కో ముఖం అంకెలతో పోల్చి, ఎంత దగ్గరగా ఉందో స్కోరు ఇస్తుంది. అంతే. "వీడే వాడు" అని అది చెప్పదు, "వీడు వాడిలా ఉన్నాడు" అని చెప్తుంది. ఎంత స్కోరు దాటితే మ్యాచ్ అనుకోవాలి అనే గీత గీసేది మనిషి. గీత కిందికి దించితే అమాయకులు ఎక్కువ దొరుకుతారు, పైకి జరిపితే అసలు దొంగ తప్పించుకుంటాడు. ఢిల్లీ పోలీసులు ఆ గీత ఎక్కడ పెట్టారో 2022లో ఆర్టీఐ జవాబులో చెప్పారు. 80 శాతం దాటితే మ్యాచ్ అట. మరి 80 లోపు వస్తే వదిలేస్తారా? లేదు, దాని మీద కూడా విచారణ చేయొచ్చట. అంటే గీత దాటినా అనుమానమే, దాటకపోయినా అనుమానమే.

ఇప్పుడు అసలు విషయం. ఈ యంత్రం అందరి ముఖాల మీదా ఒకేలా తప్పులు చేయదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో 99 సంస్థలు తయారుచేసిన 189 ప్రోగ్రాములను పరీక్షించిన ఫలితాలు బయటపెట్టింది. ఇద్దరు వేర్వేరు మనుషులను ఒక్కరే అని పొరబడటం తెల్లవాళ్లతో పోలిస్తే ఆసియా, నల్లజాతి ముఖాల మీద చాలా ప్రోగ్రాముల్లో పది రెట్ల నుంచి వంద రెట్లు ఎక్కువ. మగవాళ్ల కంటే ఆడవాళ్ల మీద ఎక్కువ. అక్కడి పోలీసులు అరెస్టు సమయంలో తీసిన ఫొటోలతో పరీక్షిస్తే అందరికంటే ఎక్కువ పొరపాట్లు ఎవరి మీద వచ్చాయో తెలుసా? అమెరికన్ ఇండియన్ల మీద, అంటే ఆ దేశపు ఆదివాసుల మీద.

కారణం వాళ్ల ముఖాల్లో లేదు. చైనాలో తయారైన కొన్ని ప్రోగ్రాములు తూర్పు ఆసియా ముఖాల మీద అలా పొరబడలేదని అదే నివేదికలో ఉంది. ఏ ముఖాలు చూపించి నేర్పితే ఆ ముఖాలను బాగా గుర్తుపడుతుంది. మరి ఇక్కడ వాడే యంత్రానికి కోయ, గోండు, చెంచు, సవర, లంబాడా, ఎరుకల ముఖాలు ఎన్ని చూపించారు? వాటి మీద ఎన్ని తప్పులు చేసిందో పరీక్షించి జనం ముందు పెట్టారా?

"పొరపాట్లు చాలా తక్కువ కదా" అంటారు. ఒక లెక్క వేద్దాం. అంకెలు మేం ఊహించుకున్నవే, లెక్క మాత్రం నిజం. ఒక పెద్ద బస్టాండులో రోజుకు 50,000 మంది తిరుగుతారు. అందులో మనవాళ్లు 5,000. మిగతావాళ్ల మీద యంత్రం వెయ్యికి ఒక్కసారి పొరబడుతుంది, మన మీద పది రెట్లు, అంటే వందకు ఒక్కసారి. ఆ 45,000 మందిలో 45 మంది అమాయకులు దొరుకుతారు. మన 5,000 మందిలో 50 మంది. నిజంగా వెతుకుతున్నవాళ్లు ఐదుగురు వచ్చి, ఐదుగురూ దొరికారనే అనుకుందాం. మొత్తం ఆపింది వంద మందిని, అందులో 95 మంది ఏ పాపం ఎరగనివాళ్లు. జనంలో మనం పదో వంతు, కానీ తప్పుగా దొరికినవాళ్లలో సగానికి పైగా మనమే. రోజూ ఇదే చూసే కానిస్టేబుల్ ఏమనుకుంటాడు? యంత్రం తప్పు చేస్తోందని అనుకోడు, "వీళ్లంతా ఇంతే" అనుకుంటాడు.

చివర్లో మనిషి చూసి తేలుస్తాడు కదా అంటారా? అమెరికాలో 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి వ్యక్తిని గడియారాల దొంగతనం కేసులో ఇంటి ముందు, భార్యాపిల్లల ఎదుటే అరెస్టు చేశారు. షాపు సీసీ కెమెరాలోని మసక ఫొటోకు ఆయన పాత డ్రైవింగ్ లైసెన్సు ఫొటో మ్యాచ్ అయిందట. దాదాపు 30 గంటలు లోపల పెట్టారు. ఆ దొంగ ఆయన కాదు. అక్కడా మధ్యలో మనుషులు ఉన్నారు. యంత్రం చెప్పాక వాళ్లు మళ్లీ చూడలేదు, అంతే.

"సరే, రేపు యంత్రాన్ని బాగుచేస్తారు, మన ముఖాలూ నేర్పుతారు, అప్పుడేంటి?" అని అడగొచ్చు. అప్పుడు ఇంకో భయం. 2020 మార్చిలో ఢిల్లీ అల్లర్ల గురించి లోక్‌సభలో హోంమంత్రి మాట్లాడుతూ, ఓటరు కార్డుల, డ్రైవింగ్ లైసెన్సుల సమాచారం వాడి 1,100 మందికి పైగా ముఖాలు గుర్తించామన్నారు. ఓటు కోసం ఇచ్చిన ఫొటో పోలీసు లిస్టుకు పోయింది. పోడు పట్టాల కోసం ఐటీడీఏ ముందు మనం ధర్నా చేసినప్పుడు ఒక్కో ముఖానికీ పేరు, ఊరు, హాస్టలు తెలిసిపోతే రెండోసారి ఎంతమంది వస్తారు? స్కాలర్‌షిప్ పోతుందేమో, ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్‌లో ఆపేస్తారేమో అని ఎంతమంది ఇంట్లో కూర్చుంటారు? తప్పుగా గుర్తుపడితే ఒకడు స్టేషన్‌కు పోతాడు. సరిగ్గా గుర్తుపడితే ఊరంతా నోరు మూసుకుంటుంది.

లిస్టులకెక్కడం మనకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ పనికొచ్చేలా మార్చి, రిజిస్టరులో ఉన్నవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చారు. మన ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టింది ఆ చట్టం కిందే. పుట్టుకే నేరం. 1952లో చట్టం రద్దయింది గానీ చూపు రద్దు కాలేదు. అప్పుడు కనీసం వేలు పట్టుకుని ముద్ర వేయించుకునేవాళ్లు, తెలిసేది. ఇప్పుడు స్తంభం మీది కెమెరా తీసుకుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు.

చట్టం ఏమంటోంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని, దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలని, అవసరానికి మించి తగ్గించకూడదని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 గుర్తింపు చట్టం ప్రధానంగా శిక్షపడ్డవాళ్ల, అరెస్టయినవాళ్ల ఫొటోలు, ముద్రల గురించి చెప్తుంది, రోడ్డు మీద నడిచేవాళ్ల గురించి కాదు. హైదరాబాద్‌లో 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయకపోయినా ఫొటో తీసుకున్నారు. ఆయన మనలా ఊరుకోలేదు, తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

మనం అడగాల్సింది ఇది. ప్రత్యేక చట్టం లేకుండా రోడ్ల మీద, బస్టాండుల్లో, జాతరల్లో ముఖాలు పోల్చడం ఆపాలి. అప్పటిదాకా ప్రతి జిల్లా నుంచీ ఒక ఆర్టీఐ పోవాలి. లిస్టులోకి ఫొటోలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఎంత స్కోరుకు మ్యాచ్ అంటున్నారు? ఇప్పటిదాకా ఎన్ని మ్యాచ్‌లు తప్పని తేలాయి? మ్యాచ్ కాని ఫొటోను ఎన్నాళ్లు ఉంచుతున్నారు? మన తెగల ముఖాల మీద పరీక్ష జరిగిందా? ఐదు ప్రశ్నలు, పది రూపాయలు. మీ జిల్లాలో వేసేవాళ్లు పేరు చెప్పండి, దరఖాస్తు మేం రాసిస్తాం.

ఇక మన అన్నకు ఒక్క మాట. అన్నా, తప్పు చేయనోడికి భయమెందుకు అన్నావు. తప్పు చేసింది ఎవరో తేల్చేది నువ్వు కాదు, మేం కాదు. ఆ గీత ఎక్కడ గీశారో నీకూ తెలీదు, మాకూ తెలీదు. మేం భయపడుతున్నది దానికే.