మూడేళ్లకోసారి పెరిగే అసలు

రాయలసీమ పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పుకోవడం అరుదు. ‘రూపాయి వడ్డీ’, ‘రెండు రూపాయల వడ్డీ’ అనే మాటలే వ్యవహారంలో ఉన్నాయి. నూరు రూపాయల అసలుకు నెలకు ఒక రూపాయో రెండు రూపాయలో చెల్లించాలని వాటి అర్థం. ఆ లెక్కన రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం అవుతుంది. ఎన్నేళ్లు గడిచినా మొదట చేతికందిన అసలుపైనే వడ్డీని లెక్కగడితే అది బారువడ్డీ. గడువు నిండినప్పుడల్లా పేరుకున్న వడ్డీని అసలులో కలిపి, అలా పెరిగిన అసలుపై మళ్లీ వడ్డీ లెక్కగడితే అది చక్రవడ్డీ. బారువడ్డీలో ఏటా కలిసే మొత్తం ఒకటే, చక్రవడ్డీలో ఏటా ఒకటిగా ఉండేది పెరుగుదల నిష్పత్తి మాత్రమే కనుక, కలిసే మొత్తం ఏటేటా పెద్దదవుతూ పోతుంది. బడిలో ఈ రెంటినీ వేర్వేరు లెక్కలుగా చెబుతారు గానీ, పల్లె వ్యవహారంలో మాత్రం ఒకే కాగితం మీద మొదటిది రెండోదిగా మారిపోతుంది, ఆ మార్పును అప్పు తీసుకున్నవారు చాలాసార్లు గమనించరు.

ఆ కాగితమే ప్రామిసరీ నోటు. మహానంది ఆలయ కోనేటి నుంచి పారే నీటితో తడిసే అరటి తోటలను తీసుకుంటే, పిలక నాటిన నాటి నుంచి గెల కోతకు రావడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది; ఈలోగా ఎరువులకు, కూలీలకు, గెల బరువుకు చెట్టు ఒరగకుండా పెట్టే పోట్లకు డబ్బు కావాలి, వేసవి ఈదురుగాలికి తోట పడిపోతే తీర్చవలసిన అప్పు తీరకుండానే కొత్త అప్పు అవసరమవుతుంది. అలాంటి సమయంలో రాసే నోటులో అసలు ఎంతో, నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీయో రాసి ఉంటుంది, రెవెన్యూ స్టాంపు మీద అప్పు తీసుకున్నవారి సంతకం ఉంటుంది. చక్రవడ్డీ అనే మాట అందులో సాధారణంగా కనిపించదు. అంటే రాతను బట్టి అది బారువడ్డీ నోటే.

అయితే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుపై రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయకపోతే ఆ నోటుకు కాలదోషం పడుతుంది, అంటే కోర్టు ద్వారా దాన్ని వసూలు చేసుకునే హక్కు పోతుంది. నోటు వెనుక తేదీతో, సంతకంతో కొంత సొమ్ము చెల్లు వేసినా, బాకీ ఉన్నట్టు గడువులోపల రాతపూర్వకంగా ఒప్పుకున్నా, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. కానీ పల్లెల్లో ఎక్కువగా జరిగేది నోటు తిరగరాయడం: మూడేళ్లు నిండబోతుండగా అసలును, అప్పటిదాకా అయిన వడ్డీని కూడి, ఆ మొత్తాన్నే అసలుగా చూపుతూ కొత్త నోటు రాయించుకుంటారు. ఆ ఒక్క కూడికతో వడ్డీ అసలైపోతుంది. నోటులోని వడ్డీ రేటు మారలేదు, కొత్తగా ఒక్క రూపాయి చేతికి రాలేదు. అయినా ఆ రోజు నుంచి వడ్డీకి వడ్డీ మొదలవుతుంది.

ఒక లక్ష రూపాయలను రెండు రూపాయల వడ్డీకి తీసుకుని, మధ్యలో ఏమీ చెల్లించకుండా పన్నెండేళ్లు నడిపిన నోటును లెక్కకు తీసుకుంటే తేడా ఎక్కడ పుడుతుందో స్పష్టమవుతుంది. ఏడాదికి 24,000 చొప్పున మూడేళ్లకు వడ్డీ 72,000 అవుతుంది, కొత్త నోటు 1,72,000కు రాస్తారు. ఇంతవరకు బారువడ్డీ లెక్కకూ దీనికీ ఒక్క రూపాయి తేడా లేదు, మోసమేదీ జరగలేదని ఇరుపక్షాలూ నమ్మడానికి కారణం కూడా అదే. ఆరో ఏడు నిండేసరికి నోటు 2,95,840 అవుతుంది. బారువడ్డీ అయితే 2,44,000 ఉండేది. తొమ్మిదో ఏటికి నోటు 5,08,845కు చేరుతుంది, పన్నెండో ఏటికి 8,75,213 అవుతుంది. అదే లక్షకు పన్నెండేళ్ల బారువడ్డీ 2,88,000 మాత్రమే, అసలుతో కలిపితే 3,88,000. తిరగరాసిన నోటులో చివరి మూడేళ్లలో పెరిగిన మొత్తమే 3,66,368. అంటే నాలుగో నోటు ఒక్కటే, పన్నెండేళ్ల బారువడ్డీ అంతటినీ మించిన వడ్డీని తెచ్చిపెట్టింది. చక్రవడ్డీ మొదట్లో కనబడక చివర్లో మీద పడుతుందని పెద్దలు భయపడేది ఊరికే కాదు.

ఇదే లెక్క తీర్చే సమయానికి కూడా వర్తిస్తుంది. మొదటిసారి నోటు తిరగరాసే రోజునే 50,000 కట్టి మిగిలినదానికి రాయించుకుంటే, పన్నెండో ఏటి బాకీలో 2,54,422 తగ్గుతుంది. అదే 50,000ను రెండో తిరగరాతలో కడితే తగ్గేది 1,47,920, మూడోసారి కడితే 86,000 మాత్రమే. కట్టిన సొమ్ములో తేడా లేదు, కట్టిన ఏడాదిలోనే తేడా ఉంది. ఇక ఏటేటా వడ్డీ 24,000 కట్టి నోటు వెనుక చెల్లు వేయించుకుంటూ పోయిన కుటుంబానికి పన్నెండేళ్ల తరువాత కూడా బాకీ ఆ మొదటి లక్షే.

తిరగరాతలోని ఈ కిటుకును శాసనకర్తలు చాలాకాలం కిందటే గుర్తించారు. చక్రవృద్ధి అనే మాట మనుస్మృతిలోనే ఉంది, ఒకేసారి వసూలు చేసే మొత్తం వడ్డీతో కలిపి అసలుకు రెట్టింపు దాటరాదన్న కట్టడి కూడా అందులోనే ఉంది. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రావిన్సులో భాగంగా ఉన్న రోజుల్లో, 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం సరిగ్గా ఈ చోటనే పట్టుకుంది: 1932 అక్టోబరుకు ముందరి అప్పుల విషయంలో, నోటు ఎన్నిసార్లు తిరగరాసినా మొదట ఇచ్చిన సొమ్మునే అసలుగా చూడాలని, అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరినట్టేనని చెప్పింది. అంటే న్యాయస్థానం చేతిలోని నోటును మాత్రమే చదవకుండా, దాని వెనుక ఉన్న పాత నోట్లన్నిటినీ దాటి మొదటి కాగితం దాకా వెళ్లవలసి వచ్చింది. నేడు చిన్న, సన్నకారు రైతులకు ఇచ్చిన స్వల్పకాలిక రుణాలపై బ్యాంకులు వేసే మొత్తం వడ్డీ అసలును మించరాదన్న రిజర్వు బ్యాంకు నిబంధనలోనూ ఆ పాత ఆలోచనే కనిపిస్తుంది. ప్రైవేటు నోటుకు మాత్రం ఆ నిబంధన వర్తించదు.

అప్పులో మీద పడే ఈ పెరుగుదలే పొదుపులో ఇంటికి వస్తుంది, అక్కడ కూడా ఫలితాన్ని నిర్ణయించేది ఎక్కువగా మొదటి సంవత్సరాలే. ప్రజా భవిష్య నిధి వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గి ఐదేళ్లకు పైగా అక్కడే నిలిచింది కనుక, పోలికకు ఆ రేటునే తీసుకోవచ్చు. ఒకరు 25వ ఏట మొదలుపెట్టి, ప్రతి ఏడాది ఆరంభంలో 12,000 చొప్పున పదేళ్లు మాత్రమే దాచి, ఆ తరువాత ఏమీ వేయకుండా 60వ ఏటి దాకా ఆ సొమ్మును ముట్టకుండా వదిలేశారని, మరొకరు 35వ ఏట మొదలుపెట్టి అదే 12,000ను పాతికేళ్లపాటు తప్పకుండా దాచారని అనుకుందాం. మొదటివారు చేతి నుంచి వేసింది 1,20,000, రెండోవారు వేసింది 3,00,000. బారువడ్డీ లెక్కలో 60వ ఏట మొదటివారికి 3,79,860, రెండోవారికి 5,76,900 వస్తాయి. ఎక్కువ వేసినవారికి ఎక్కువ రావడం సహజమే. చక్రవడ్డీ లెక్కలో ఈ వరుస తలకిందులవుతుంది: మొదటివారికి దాదాపు 9,91,000, రెండోవారికి దాదాపు 8,25,000.

ఇది ఎలా సాధ్యమో తెలుసుకోవడానికి 35వ ఏటి దగ్గర ఆగి చూడాలి. పదేళ్ల పొదుపు ఆనాటికి 1,78,410 అయింది, దానిపై ఆ ఏడాది వచ్చే వడ్డీయే 12,667. రెండోవారు కష్టపడి వేయబోయే వార్షిక మొత్తం 12,000 కాగా, మొదటివారి తరఫున అంతకంటే పెద్ద మొత్తాన్ని వడ్డీయే ప్రతి ఏడాదీ జమ చేస్తోంది, పైగా ఆ జమ ఏటా పెరుగుతోంది. తొందరగా మొదలుపెట్టడంలోని బలమంతా ఇక్కడే ఉంది: వడ్డీ తనంతట తాను వాయిదా కట్టే స్థితికి సొమ్ము చేరడానికి పదేళ్లు పట్టింది, ఆ పదేళ్లను తరువాత ఎవరూ తిరిగి కొనలేరు.

ఈ ఫలితానికి హద్దులు ఉన్నాయి, వాటిని దాచి చెప్పడం పాఠకులకు అన్యాయం. రేటు 4 శాతానికి పడిపోతే అదే లెక్కలో మొదటివారికి దాదాపు 3,99,000, రెండోవారికి దాదాపు 5,20,000 వస్తాయి, ఎందుకంటే వడ్డీ వాయిదాతో సమానమయ్యేంత వేగం ఆ రేటుకు లేదు. ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగితే, 35 ఏళ్ల తరువాత చేతికి వచ్చే 9,91,000తో నేటి లెక్కలో దాదాపు 1,80,000 విలువైన సరుకే కొనగలం. బోరు వేయడానికో పెళ్లికో మధ్యలో సొమ్ము తీస్తే, పోయేది తీసిన మొత్తం మాత్రమే కాదు, ఆ తరువాతి ఏళ్లన్నిటి వడ్డీ కూడా.

అన్నిటికంటే ముఖ్యమైన హద్దు మరొకటుంది. ఇంట్లో రెండు రూపాయల వడ్డీ నోటు నడుస్తుండగా పొదుపు ఖాతా తెరవడం నష్టమే, ఎందుకంటే ఒకే కుటుంబంలో రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతున్నప్పుడు గెలిచేది వేగంగా తిరిగేదే. 12,000ను 7.1 శాతానికి దాచితే మూడేళ్లకు 14,742 అవుతుంది. అదే 12,000ను నోటు తిరగరాసే రోజున కట్టి, ఆ మేరకు తక్కువ మొత్తానికి కొత్త నోటు రాయించుకుంటే మూడేళ్లకు 20,640 బాకీ తగ్గుతుంది. కనుక నోటు ఉన్న ఇల్లు ముందు నోటును తీర్చాలి. తిరగరాయక తప్పని స్థితిలో కనీసం ఆ మూడేళ్ల వడ్డీలో వీలైనంత కట్టి, మిగిలిన మొత్తానికే సంతకం చేయాలి. పాత నోటును ఆ క్షణంలోనే వెనక్కి తీసుకుని, స్టాంపు మీది సంతకాన్ని అడ్డంగా కొట్టివేయాలి, లేకుంటే ఒకే అప్పుకు రెండు కాగితాలు మిగులుతాయి.